పక్క పేజీకి 6 శాతం, మీకు 1.3 శాతం: ఈ రెండూ ఒకే లెక్కా?

ప్రశ్న: నేను విజయవాడలో ఒక డెంటల్ క్లినిక్ ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసుకుంటున్నాను. 4,200 మంది ఫాలోవర్లు ఉన్నారు. మా ఎంగేజ్‌మెంట్ రేటు 1.3 శాతం. డాక్టర్ గారి బావమరిదికి బిర్యానీ హోటల్ ఉంది. వాళ్ల పేజీకి 38,000 మంది ఫాలోవర్లు, రేటు 6 శాతం అని వాళ్ల ఏజెన్సీ రిపోర్టు ఇచ్చింది. అప్పటి నుంచి డాక్టర్ గారు "మనకెందుకు రావట్లేదు, మూడు నెలల్లో 5 శాతం చేయాలి" అంటున్నారు. నెట్‌లో వెతికితే ఒకచోట 3 శాతం ఉంటేనే మంచిదని, ఇంకోచోట అర శాతం చాలని రాశారు. దేన్ని నమ్మాలి? గత 12 పోస్టుల లెక్కలు జతచేస్తున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందు ఆ 6 శాతాన్నే పరీక్షించి చూడండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఫోన్ ఉంటే చాలు. 38,000 మందిలో 6 శాతం అంటే 2,280. కాబట్టి ఆ హోటల్ పేజీ తెరిచి, మామూలు పోస్టులకు లైకులు, కామెంట్లు కలిపి రెండు వేలు దాటుతున్నాయేమో చూడండి. దాటుతుంటే వాళ్ల 6 శాతం మీరు లెక్కేసిన పద్ధతిలో వచ్చిందే. చాలాసార్లు అలా ఉండదు. ఒక్కో పోస్టుకు 540 దాకా కనిపిస్తున్నాయనుకుందాం. 540ని 38,000తో భాగిస్తే 1.4 శాతం. అదే 540ని, ఆ పోస్టును నిజంగా చూసిన 9,000 మందితో భాగిస్తే సరిగ్గా 6 శాతం. రెండూ అబద్ధం కాదు. ఒకటి ఫాలోవర్ల మీద లెక్క, ఇంకొకటి రీచ్ మీద లెక్క. ఏజెన్సీలు సాధారణంగా రెండోదే రాస్తాయి, ఎందుకంటే అది పెద్ద అంకె. మీరు వేసింది మొదటిది.

అందుకే ఏ రేటు కనిపించినా మొదట అడగాల్సింది "దేనితో భాగించారు?" అని. పైన ఏం కలిపారో కూడా అడగాలి. కొందరు లైకులు, కామెంట్లు మాత్రమే కలుపుతారు. కొందరు సేవ్‌లు, షేర్లు కూడా కలుపుతారు. 2024 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ వ్యూస్‌ను ప్రధాన కొలతగా ప్రకటించాక మూడో రకం లెక్క కూడా ఎక్కువైంది. ఒకే మనిషి అదే రీల్‌ను మూడుసార్లు చూస్తే రీచ్‌లో ఒకటే పడుతుంది, వ్యూస్‌లో మూడు పడతాయి. కాబట్టి వ్యూస్‌తో భాగిస్తే అదే పోస్టుకు రీచ్ లెక్క కంటే చిన్న శాతం వస్తుంది. మీరు నెట్‌లో చూసిన అంకెలు అంత దూరంగా ఉండడానికి పెద్ద కారణం ఇదే.

రైవల్ ఐక్యూ అనే సంస్థ ఏటా రంగాలవారీగా ఈ లెక్కలు ప్రచురిస్తుంది. 2024 నివేదికలో ఇన్‌స్టాగ్రామ్‌కు అన్ని రంగాల మధ్యగతం, అంటే రేట్లన్నీ వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె, 0.43 శాతం. కాలేజీలు, యూనివర్సిటీలు మాత్రం 2 శాతం పైన ఉన్నాయి. ఇది ఫాలోవర్ల మీద వేసిన లెక్క. పైగా వాళ్లు తీసుకున్నవి ఫేస్‌బుక్‌లో కనీసం 25,000 మంది, ఇన్‌స్టాగ్రామ్‌లో కనీసం 5,000 మంది ఫాలోవర్లు ఉన్న బ్రాండ్లు. మీ పేజీ ఆ జల్లెడలోనే పడదు. చిన్న ఖాతాలకు శాతం సహజంగానే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే తొలి వెయ్యి మందిలో స్నేహితులు, చుట్టాలు, స్టాఫ్, పేషెంట్లే ఎక్కువ. ఆ నివేదిక పట్టుకుని "మనం మిగతా బ్రాండ్ల కంటే మూడు రెట్లు మేలు" అని డాక్టర్ గారికి చెప్పకండి. అది కూడా తప్పు పోలికే అవుతుంది.

ఇప్పుడు మీరు పంపిన 12 పోస్టులు. వరసగా పేర్చితే లైకులు, కామెంట్లు కలిపి ఇలా ఉన్నాయి: 22, 25, 27, 29, 31, 33, 35, 36, 38, 41, 44, 310. సగటు 56. దాన్ని 4,200తో భాగిస్తే మీరు చెప్పిన 1.3 శాతం వస్తుంది. కానీ 56కి దగ్గరగా వచ్చిన పోస్టు ఈ పన్నెండింటిలో ఒక్కటీ లేదు. ఆ 310 వచ్చింది డాక్టర్ గారి అమ్మాయి పెళ్లి ఫోటోకు. అది సంతోషకరమైన పోస్టే, కానీ క్లినిక్ రాసేవాటికి జనం ఎలా స్పందిస్తున్నారో అది చెప్పదు. ఇలాంటి చోట సగటు వదిలేసి మధ్యగతం తీసుకోవాలి. 33కీ 35కీ మధ్య 34. రేటు 0.8 శాతం. షీట్‌లో అయితే ఒక్క వరుస చాలు:

```
=MEDIAN(B2:B13)/4200*100
```

1.3 ఉందనుకున్నది 0.8కి పడిపోయిందని కంగారు పడకండి. మీ అసలు అంకె మొదటి నుంచీ ఇదే. తర్వాత పోల్చబోయే పేజీలన్నిటికీ ఇదే పద్ధతి వాడతాం కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు.

పోలిక కోసం ఎనిమిది నుంచి పది డెంటల్ క్లినిక్‌ల పేజీలు ఎంచుకోండి. గుంటూరు, రాజమండ్రి, నెల్లూరు, తిరుపతి, వరంగల్ లాంటి ఊళ్లలో వెతకండి. హైదరాబాద్‌లో పాతిక బ్రాంచీలున్న చెయిన్ వద్దు. ఫాలోవర్లు మీలో సగం నుంచి రెట్టింపు దాకా, అంటే సుమారు 2,000 నుంచి 8,500 మధ్య ఉండాలి. తెలుగులోనో, తెలుగు ఇంగ్లిష్ కలిపో రాసేవాళ్లై, గత మూడు నెలల్లో క్రమంగా పోస్టులు పెట్టినవాళ్లై ఉండాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తమకు నచ్చిన పేజీలనే ఎంచుకోవడం. నచ్చినవి సాధారణంగా బాగా నడిచేవే. అప్పుడు మీరు సాటివాళ్లతో కాక, తరగతిలో ఫస్టు వచ్చినవాళ్లతోనే పోల్చుకున్నట్టవుతుంది. అందుకే ముందు షరతులు రాసుకుని, వాటికి సరిపోయిన పేజీలను దొరికిన వరసలోనే తీసుకోండి. చూడగానే బాగాలేదనిపించిన పేజీ కూడా షరతులకు సరిపోతే జాబితాలో ఉండాల్సిందే.

ఒక్కో పేజీ నుంచి 12 పోస్టులు తీసుకోండి. గత వారంలో పెట్టినవి వదిలేయండి, వాటికి లైకులు ఇంకా పడుతుంటాయి. పైన పిన్ చేసినవి వద్దు, అవి ఎక్కువ రోజులు కళ్ల ముందుంటాయి కాబట్టి పెరుగుతూ ఉంటాయి. పెద్ద ఇన్‌ఫ్లుయెన్సర్‌తో కలిసి పెట్టిన కొలాబ్ పోస్టులు వద్దు, ఎందుకంటే రెండు ఖాతాల జనం లైకులు ఒకేచోట పడతాయి. "ముగ్గురిని ట్యాగ్ చేయండి, బహుమతి గెలవండి" తరహావి అసలే వద్దు. కామెంట్ల సంఖ్యలో ఆ పేజీవాళ్లు ఇచ్చుకున్న జవాబులు కూడా కలిసి ఉంటాయని మరచిపోకండి. 40 కామెంట్లలో 20 "ధన్యవాదాలు అండీ" అని పేజీవాళ్లే రాసినవి అయితే మిగిలేవి 20. ఎవరైనా లైకుల సంఖ్య దాచిపెట్టి ఉంటే ఆ పేజీని పక్కనపెట్టి ఇంకొకటి తీసుకోండి.

ఈ పోలిక ఫాలోవర్ల మీద లెక్కతోనే చేయగలరు. వాళ్ల రీచ్, సేవ్‌లు మీకు కనిపించవు. అందుకే మీ పేజీకి కూడా పోలిక కోసం లైకులు, కామెంట్లు మాత్రమే లెక్కించాలి. మీ సేవ్‌లు కలిపి, వాళ్లవి కలపకుండా పోల్చి, "మనం ముందున్నాం" అనుకోవడం ఈ పనిలో బాగా ఎక్కువగా జరిగే తప్పు. మీకున్న అదనపు సమాచారం వేరే పనికి వస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. రీల్స్, ఫోటోల సంగతి కూడా చూసుకోవాలి. రీల్‌ను ఫాలో కానివాళ్లు చాలామంది చూస్తారు. కాబట్టి ఒక పేజీ 12కి 10 రీల్స్ పెట్టి, మీరు 12కి 2 పెడితే, తేడా రంగానిదీ కాదు, నాణ్యతదీ కాదు. కుదిరితే రీల్స్‌ను రీల్స్‌తో, ఫోటోలను ఫోటోలతో విడిగా లెక్కించండి.

తొమ్మిది క్లినిక్‌లు తీసుకుంటే మధ్యగతాలు ఇలా వచ్చాయనుకుందాం: 0.3, 0.4, 0.6, 0.6, 0.7, 0.9, 1.1, 1.6, 3.8. మధ్యలో ఉన్నది 0.7. మీ 0.8 దాదాపు అక్కడే ఉంది. "దాదాపు" అని ఎందుకన్నానంటే, 4,200 మంది ఉన్న పేజీలో ఒక పోస్టుకు పది లైకులు అటూ ఇటూ అయితే రేటు 0.24 శాతం మారుతుంది. క్లినిక్ స్టాఫ్ పదిమంది ఆ రోజు ఫోన్ చూడకపోయినా అంత తేడా వస్తుంది. కాబట్టి 0.7కీ 0.8కీ మధ్య గెలుపోటములు వెతకకండి. 0.6 నుంచి 1.1 దాకా ఉన్నవాళ్లంతా ఒకే బృందం. మీరు ఆ బృందంలో ఉన్నారు. ఇక ఆ 3.8 పేజీని తెరిచి కూర్చుని చూడండి. ఫాలోవర్లు రెండు వేలే ఉండొచ్చు. డాక్టర్ ముందు నుంచే ఊళ్లో బాగా తెలిసిన మనిషి కావచ్చు. లేదా కామెంట్లన్నీ "నైస్ డాక్టర్" అంటూ ఊరూపేరూ లేని ఖాతాల నుంచి, పోస్టు పెట్టిన గంటలోనే వచ్చి ఉండొచ్చు. అలాంటి పేజీని లెక్కలోంచి తీసేయండి. నిజంగా పేషెంట్లే ప్రశ్నలు అడుగుతుంటే మాత్రం ఆ పేజీ నుంచి నేర్చుకోవాల్సింది ఉంది.

బిర్యానీ పేజీతో ఎందుకు పోల్చకూడదో డాక్టర్ గారికి అర్థమయ్యేలా చెప్పాలంటే, లైకు కొట్టే మనిషి వైపు నుంచి చెప్పండి. ఆదివారం మధ్యాహ్నం దమ్ బిర్యానీ మూత తీస్తున్న వీడియో చూసిన మనిషికి చూడడమే సుఖం. లైకు కొడితే పోయేదేమీ లేదు. కింద స్నేహితుడిని ట్యాగ్ చేసి "ఈ వారం వెళ్దామా" అని రాస్తాడు. ఆ కామెంట్ వెనక నిజమైన ప్లాన్ ఉంటుంది. అదే మనిషి రూట్ కెనాల్ గురించి మీ పోస్టు చూశాడనుకోండి. పన్ను నొప్పి లేకపోతే దాటేస్తాడు. ఉంటే శ్రద్ధగా చదువుతాడు, కానీ లైకు కొట్టడు. తన పళ్లు పాడయ్యాయని ఆఫీసులో అందరికీ తెలియడం అతనికి ఇష్టం ఉండదు. సేవ్ చేసుకుంటాడు, లేదా వాట్సాప్‌లో భార్యకు పంపి "ఇక్కడ చూపిద్దామా" అంటాడు, లేదా నేరుగా ఫోన్ చేస్తాడు. మీకు అన్నిటికంటే విలువైన స్పందన బయటివాళ్లకు కనిపించని చోట జరుగుతోంది. చర్మవ్యాధులు, సంతాన సమస్యలు, మానసిక వైద్యం చూసే క్లినిక్‌లకు ఇది ఇంకా ఎక్కువ.

అవసరం ఎంత తరచుగా వస్తుందన్నది కూడా ఉంది. భోజనం రోజూ ఉంటుంది. దంతవైద్యుడి దగ్గరకు చాలామంది నొప్పి వస్తేనే వెళ్తారు. మీ 4,200 మందిలో మూడేళ్ల క్రితం పన్ను తీయించుకుని, ఆ రోజు ఫాలో నొక్కి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో. వాళ్లు మీ మీద కోపంతో లేరు, వాళ్లకు ఇప్పుడు మీ అవసరం లేదు. కానీ భాగహారంలో కింద అంకెలో వాళ్లంతా ఉన్నారు. పేజీ పాతబడేకొద్దీ ఫాలోవర్లు పెరుగుతూ రేటు మెల్లగా తగ్గడానికి ఇదొక కారణం. హోటల్ చేయగల కొన్ని పనులు మీరు చేయలేరు కూడా. పేషెంట్లను ప్రకటనలతో ఆకర్షించడంపై దంతవైద్యుల నీతి నియమావళి ఆంక్షలు పెడుతుంది. "ట్యాగ్ చేస్తే క్లీనింగ్ ఉచితం" అని హోటల్ పద్ధతిలో మీరు పోటీ పెట్టడం సరికాదు. పేషెంటు ముఖం పెట్టాలన్నా అతని అనుమతి కావాలి. అందుకే అదే నియమాల కింద పనిచేసే డెంటల్ క్లినిక్‌లతోనే పోల్చుకోమన్నాను.

కాలేజీ పేజీలు నివేదికల్లో ఎప్పుడూ పైన ఉండడం కూడా ఇలాగే అర్థమవుతుంది. ఫెస్ట్ ఫోటోలో ఉన్నది ఫాలోవరే, అతని రూమ్మేట్, అతని బ్యాచ్. ఒక్క ఫోటోకు యాభైమంది తమ ముఖం వెతుక్కుంటూ వస్తారు. బ్యాంకులు, టెలికాం కంపెనీల దగ్గర కథ తిరగబడుతుంది. సర్వర్ ఆగిన రోజు వాళ్ల పోస్టుల కింద వందల కామెంట్లు పడతాయి, అన్నీ ఫిర్యాదులే. ఆ రోజు రేటు గొప్పగా ఉంటుంది.

మన దగ్గర చీరల పేజీలు చూసే ఉంటారు. వాటిలో చాలావాటికి కామెంట్లు విపరీతంగా ఉంటాయి, ఎందుకంటే చీర ఫోటో పెట్టి ధర రాయరు. "ప్రైస్ ప్లీజ్", "ధర ఎంతండీ" అని అడగాల్సిందే. అదే ధర రాసి పెట్టే పేజీకి ఆ కామెంట్లు ఉండవు, రేటు తక్కువ కనిపిస్తుంది. కొనేవాళ్లకు మాత్రం రెండో పేజీయే సౌకర్యం. అంటే ఒకే ఊళ్లో, ఒకే రంగంలో కూడా అలవాట్లు వేరైతే రేటు వేరవుతుంది. అందుకే మీ జాబితాలో ఒక క్లినిక్‌కు కామెంట్లు బాగా ఎక్కువగా ఉంటే, ముందు ఆ కామెంట్లు చదవండి. ఫీజు ఎంత, ఆదివారం ఉంటారా అని అడుగుతుంటే, ఆ వివరాలు పోస్టులో లేకపోవడం వల్ల వచ్చిన అంకె అది. మీరు టైమింగ్స్ స్పష్టంగా రాస్తున్నందుకు వాళ్ల కంటే తక్కువ వస్తే అది మార్చుకోవాల్సిన విషయం కాదు.

ఇప్పుడు ఇందాక పక్కనపెట్టిన అదనపు సమాచారం. మీది ప్రొఫెషనల్ ఖాతా కాబట్టి ఇన్‌సైట్స్‌లో ప్రతి పోస్టుకూ రీచ్, సేవ్‌లు, షేర్లు కనిపిస్తాయి. ఇవి పక్కవాళ్లతో పోల్చడానికి పనికిరావు, మీతో మీరు పోల్చుకోవడానికి పనికొస్తాయి. ప్రతి పోస్టుకూ సేవ్‌లు, షేర్లు కలిపి రీచ్‌తో భాగించి ఒక వరుసలో రాయండి. ఒక పోస్టు 1,500 మందికి చేరి, 18 మంది సేవ్ చేసి, 12 మంది పంపుకున్నారనుకుందాం. 30ని 1,500తో భాగిస్తే 2 శాతం. దానికి లైకులు, కామెంట్లు కలిపి 27 మాత్రమే ఉండొచ్చు, అంటే మీ జాబితాలో కింది నుంచి మూడోది. అయినా క్లినిక్‌కు ఆ పోస్టే పనిచేసింది. మూడు నెలల పోస్టులను ఈ వరుస ప్రకారం పేర్చితే పైన ఏ విషయాలు తేలతాయో చూడండి. జ్ఞానదంతం తీయించాక ఏం తినాలి, పిల్లలకు పాలపళ్లు పుచ్చితే వైద్యం అవసరమా లాంటి ప్రశ్నలకు తెలుగులో చెప్పిన జవాబులు పైకి వస్తే, తర్వాత ఏం రాయాలో మీకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పండగ శుభాకాంక్షల పోస్టర్లకు సేవ్‌లు దాదాపు ఉండవు. వాటిని తగ్గించమని అడగడానికి మీ దగ్గర అప్పుడు ఆధారం ఉంటుంది.

దీంతోపాటు రిసెప్షన్‌లో కొత్త పేషెంటు వచ్చినప్పుడు "మా గురించి ఎలా తెలిసింది" అని అడిగి రిజిస్టర్‌లో ఒక గడి నింపమనండి. ప్రొఫైల్‌లోని కాల్ బటన్, అడ్రస్ నొక్కినవాళ్ల సంఖ్య కూడా ఇన్‌సైట్స్‌లో ఉంటుంది, నెలనెలా రాసిపెట్టండి. డాక్టర్ గారికి చివరకు కావాల్సింది ఆ కుర్చీలో కూర్చునే మనిషే కదా.

5 శాతం లక్ష్యం గురించి డాక్టర్ గారితో వాదనకు దిగకండి. ఆ అంకెను మనుషుల్లోకి మార్చి చూపించండి. 4,200లో 5 శాతం అంటే ప్రతి పోస్టుకూ 210 మంది. ఇప్పుడు 34 మంది. ఆరు రెట్లు. మూడు నెలల్లో అది బహుమతి పోటీలతోనో, కొన్న లైకులతోనో తప్ప మామూలుగా రాదు. అలా వచ్చినవాళ్లు పేషెంట్లు కారు, పోటీ అయిపోయాక అలాగే ఫాలోవర్ల లెక్కలో మిగిలిపోయి మీ రేటును ఇంకా కిందికి లాగుతారు. బదులుగా ఇలా ప్రతిపాదించండి: మధ్యగతం 34 నుంచి 42కి, అంటే 1 శాతానికి తేవడం, సేవ్‌లు, షేర్ల రేటును ఇప్పుడున్న దానికంటే మూడోవంతు పెంచడం, అవే తొమ్మిది క్లినిక్‌లను మూడు నెలల తర్వాత అదే పద్ధతిలో మళ్లీ లెక్కించడం. జాబితా మధ్యలో మార్చకండి. అందరి రేట్లూ కలిసి పడితే అది ఇన్‌స్టాగ్రామ్ వైపు నుంచి వచ్చిన మార్పు, మీ ఒక్కరిదే పడితే కారణం మీ పేజీలో వెతకాలి. ఈ తేడా తెలియాలంటే రెండుసార్లూ అవే పేజీలు ఉండాలి. ఒకవేళ డాక్టర్ గారు ఇంకా బిర్యానీ పేజీ దగ్గరే ఆగితే, ఆ ఏజెన్సీని ఫాలోవర్ల మీద లెక్కేసిన రేటు కూడా రాసి పంపమని బావమరిది గారి ద్వారానే అడిగించండి.